షాపు కన్నా ముందు టేపు

ప్రశ్న: మేం నలుగురం. అద్దె ఇల్లు, ట్యాంకు మా నెత్తిమీదే. పదుల కొద్దీ వాషింగ్ మెషీన్లలో ఏది కొనాలో తేలట్లేదు.
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: ముందే మోడళ్లు చూస్తే ఆఫర్లే అవసరాలైపోతాయి. ఫోన్ పక్కనపెట్టి టేపు తీయండి, తప్పనిసరులు రాసుకోవడానికి ఒక చీటీ కూడా.

మెషీన్ పెట్టే చోటు వెడల్పు 58 సెంటీమీటర్లే అనుకుందాం. ఫ్రంట్ లోడ్ మెషీన్లు చాలావరకు 60 ఉంటాయి కాబట్టి అవి ఇక్కడే పోతాయి. మిగిలేది టాప్ లోడ్. మూత పూర్తిగా తెరుచుకునేలా పైన ఖాళీ ఉండాలి.

నలుగురికి 7 కిలోల సామర్థ్యం సరిపోతుంది. ట్యాంకు తక్కువ ఎత్తులో ఉంటే నీటి ఒత్తిడి చాలక మెషీన్ మధ్యలో ఆగిపోవచ్చు. అందుకే ‘తక్కువ ఒత్తిడిలోనూ నిండాలి’ అన్నది తప్పనిసరుల్లో రాయండి. బడ్జెట్ దాటినా, ఊళ్లో సర్వీసు లేకపోయినా వద్దు. డ్రమ్ములో దీపాలు, ఫోన్ యాప్ లాంటివి లెక్కలోకే రావు.

ఈ చీటీతో వెతికితే మిగిలేవి కొన్నే. కుళాయి ధార మరీ సన్నగా ఉంటే మాత్రం, కొనకముందే ప్లంబర్‌ను పిలిపించండి.