వారంలో అచ్చు వేస్తామంటే?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో చిన్న డిగ్రీ కాలేజీ. ఔషధ మొక్కలపై మొదటి పేపరు రాశాను. 3,000 రూపాయలు కడితే వారంలో వేస్తామని, తాము యూజీసీ కేర్ జాబితాలో ఉన్నామని ఓ జర్నల్ మెయిల్ పంపింది. పంపమంటారా?

జవాబు: వద్దండీ. ఇద్దరు సమీక్షకులు చదివి రాయడానికే నెలలు పడుతుంది. వారంలో అయ్యేది అచ్చే, సమీక్ష కాదు. పైగా ఆ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది.

మీ పేపరు చివరి రిఫరెన్సులు చూడండి. రెండు మూడుసార్లు కనబడే జర్నళ్లే మీ పాఠకులు ఉండే చోటు. వాటిలో రచయిత రుసుము లేనివి ఏవో డీఓఏజేలో వెతకండి. అందులో లేనంత మాత్రాన వదిలేయకండి. చందాతో నడిచే చాలా జర్నళ్లు రచయితను డబ్బడగవు. హైబ్రిడ్ జర్నల్ అయితే అంగీకారం తర్వాత వచ్చే ఫారంలో ఓపెన్ యాక్సెస్ కాక చందా మార్గం ఎంచుకుంటే సాధారణంగా రుసుము ఉండదు. చాలామంది ఇక్కడే కంగారుపడి వెనక్కి తగ్గుతారు. రంగుల బొమ్మలకు, అదనపు పేజీలకు ఛార్జీలున్నాయేమో మాత్రం ముందే చూసుకోండి.

పేరున్న జర్నళ్లకు నకిలీ సైట్లూ ఉన్నాయి. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో నంబరు కొట్టి, అక్కడి ప్రచురణకర్త పేరుతో సరిచూసుకున్నాకే పంపండి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపకండి.