మూడు డిశ్చార్జి సమ్మరీల నుంచి ఒక్క మందుల పట్టిక

ఫార్మ్ డీ పూర్తిచేసి క్లినికల్ ఫార్మసిస్ట్ ఉద్యోగాలకు వెళ్లేవారికి ఇంటర్వ్యూలో ఎదురయ్యే పని ఒకటి ఉంది. ఒకే పేషెంటువి రెండు మూడు పాత డిశ్చార్జి సమ్మరీలు చేతికిచ్చి, 'ఈయన ఇప్పుడు ఏ మందులు వాడుతున్నాడో ఒక్క పట్టికలో రాయండి' అంటారు. దీన్నే మెడికేషన్ రికన్సిలియేషన్ అంటారు. పేషెంటు చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి వెళ్లేటప్పుడు ఇది జరగాలన్నది ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరే ఆస్పత్రులకు ఉన్న నియమం. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్ డీ కోర్సులో ఈ మాట అందరూ చదువుతారు. పట్టిక గీయమంటే మాత్రం చాలామంది చివరి సమ్మరీని ఎత్తి రాసేస్తారు. అది ఎందుకు చాలదో ఒక కేసుతో చూద్దాం. ఇది నేర్పడానికి నేను కూర్చిన కేసు, ఏ ఒక్కరిదీ కాదు. ఇందులోని చిక్కులన్నీ మాత్రం మన వార్డుల్లో కనిపించేవే.

నల్గొండను ఆనుకుని ఉన్న పానగల్ నుంచి 62 ఏళ్ల రైతును తెల్లవారుజామున ఎమర్జెన్సీకి తెచ్చారు. ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, షుగర్ 52. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నాడు. వెంట వచ్చిన భార్య చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మూడు సమ్మరీలు, సగం వాడిన గోలీల షీట్లు. జనవరిలో బీపీ, షుగర్ బయటపడి మొదటిసారి చేరాడు. ఏప్రిల్‌లో గుండెపోటు వస్తే హైదరాబాద్‌లో స్టెంట్ వేశారు. ఆగస్టులో వాంతులు, విరేచనాలతో ఇప్పుడున్న ఆస్పత్రిలోనే చేరాడు. అప్పుడు క్రియాటినిన్ 2.1కి పెరిగి, ఇంటికి వెళ్లే నాటికి 1.4కి దిగింది.

మొదటి పని మందులను కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో రాయడం. జనవరి చీటీలో 'గ్లైకోమెట్ జీపీ 1' అని ఉంది. అది ఒక్క గోలీయే అయినా పట్టికలో రెండు వరుసలు కావాలి. ఎందుకంటే అందులో మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము కలిసి ఉన్నాయి. ఏప్రిల్ చీటీలో ఆ రెండింటినీ విడివిడిగా రాశారు. డాక్టరు ఉద్దేశం పాతవాటి స్థానంలో ఇవి వాడమని. పాతవి ఆపమని మాత్రం ఎక్కడా రాయలేదు. ఇంట్లో రెండూ వేస్తున్నారు. వరుసలు విడగొడితే తప్ప ఇది కంటపడదు.

రెండో పని తేదీల క్రమంలో నిలువు గడులు పెట్టి, చివర 'ఇంట్లో నిజంగా వాడుతున్నది' అని ఇంకో గడి చేర్చడం. ముఖ్యమైన వరుసలు ఇలా వస్తాయి:

| మందు (మి.గ్రా.) | జనవరి | ఏప్రిల్ | ఆగస్టు | ఇంట్లో |
|---|---|---|---|---|
| మెట్‌ఫార్మిన్ | 500, 1-0-1 | 500, 1-0-1 | ఆపారు (కేస్ షీట్) | 1000, 1-0-1 |
| గ్లిమెపిరైడ్ | 1, 1-0-1 | 1, 1-0-0 | 1, 1-0-0 | పొద్దున 2, రాత్రి 1 |
| టెల్మిసార్టాన్ 40 | 1-0-0 | 1-0-0 | ఆపారు (కేస్ షీట్) | లేదు |
| మెటోప్రొలాల్ 25 | అప్పటికి లేదు | 1-0-0 | రాయలేదు | లేదు |
| ఆస్పిరిన్ 75 + క్లొపిడోగ్రెల్ 75 | అప్పటికి లేదు | 0-0-1 | 0-0-1 | 0-0-1 |
| డైక్లోఫెనాక్ 50 | చీటీలో లేదు | చీటీలో లేదు | చీటీలో లేదు | నొప్పి ఉన్నప్పుడు |

ఈ పట్టికలో ప్రాణమంతా ఖాళీ గడుల్లోనే ఉంది. ఒక జాబితాలో మందు కనిపించకపోతే దానికి మూడు అర్థాలు ఉండొచ్చు. అప్పటికి ఆ మందు మొదలుపెట్టకపోవచ్చు, కావాలనే ఆపి ఉండొచ్చు, లేదా రాయడం మరిచిపోయి ఉండొచ్చు. గడిని ఊరికే వదిలేస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆ గడిలో ఏదో ఒక మాట రాయాలి. ఏ మాట రాయాలో తెలియకపోతే 'తేలాలి' అని రాసి వెతకాలి.

ఆగస్టు సమ్మరీలో గ్లిమెపిరైడ్, ఆస్పిరిన్, క్లొపిడోగ్రెల్ రాసి, కింద 'మిగతా మందులు మునుపటిలాగే' అని ఒక వాక్యం ఉంది. ఇలాంటి వాక్యం కనబడితే అక్కడే ఆగిపోవాలి. మునుపటివి అంటే ఏవి? మెడికల్ రికార్డ్స్ విభాగం నుంచి ఆగస్టు కేస్ షీట్ తెప్పిస్తే, కిడ్నీ దెబ్బతిన్నందున మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ తాత్కాలికంగా ఆపినట్టు మూడో రోజు నోట్‌లో ఉంది. అది సమ్మరీకి ఎక్కలేదు. మెటోప్రొలాల్ గురించి కేస్ షీట్‌లో కూడా ఒక్క ముక్క లేదు. అంటే అది ఆపిన మందు కాదు, జారిపోయిన మందు.

ఇక ఇంటి గడి నింపాలి. 'మందులు సరిగ్గా వాడుతున్నారా' అని అడిగితే 'ఆఁ' అనే జవాబే వస్తుంది. షీట్లు ఒక్కొక్కటి చేతికిచ్చి, ఇది ఎందుకు, ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు వేశారు అని అడగాలి. భార్య చెప్పింది: "బీపీ గోలీ బంద్ జెయ్యుమన్నరు బిడ్డా, గందుకే రెండూ ఇడిసిపెట్టినం." టెల్మిసార్టాన్‌తో పాటు మెటోప్రొలాల్ కూడా బీపీ గోలీయే అనుకుని మానేశారన్నమాట. గుండెపోటు వచ్చినవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానడం ప్రమాదం. మెట్‌ఫార్మిన్ విడి గోలీలు అయిపోతే ఊళ్లో ఎన్‌సీడీ క్లినిక్ నుంచి తెచ్చుకుంటున్నారు. ఆ సంగతి ఏ సమ్మరీలోనూ ఉండదు.

నల్గొండ జిల్లాలో ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: "కీళ్ల నొప్పులకు ఏమన్న ఏసుకుంటరా?" ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఇది. నొప్పుల గోలీని వీళ్లు మందుల లెక్కలో వేయరు. "ఆరెంపీ ఇచ్చిన గోలీ ఉన్నది, మోకాళ్లు గుంజితే ఏసుకుంటడు" అని తేలింది. షీట్ చూస్తే డైక్లోఫెనాక్. ఆస్పిరిన్, క్లొపిడోగ్రెల్ వాడుతున్న మనిషికి అది కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతుంది, దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. కిడ్నీ మందగిస్తే గ్లిమెపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా రోజుకు 1 మిల్లీగ్రాము అనుకున్నది 3 పడుతోంది. షుగర్ 52కి ఎందుకు పడిందో ఇప్పుడు తెలుస్తుంది.

ఫార్మసిస్ట్ ఇక్కడ ఒక గీత దాటకూడదు. పట్టికకు 'సూచన', 'డాక్టరు నిర్ణయం', 'కారణం' అని మూడు గడులు చేర్చి, మొదటిది మాత్రమే మనం నింపాలి. ఈ కేసులో సూచనలు ఇవి: గ్లిమెపిరైడ్ ఆపి, షుగర్ మళ్లీ పడొచ్చు కాబట్టి కనీసం ఒక రోజు గమనించాలి. డైక్లోఫెనాక్ మానేసి, అవసరమైతే పారాసెటమాల్ ఇవ్వాలి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ సంగతి నేటి క్రియాటినిన్, పొటాషియం చూశాకే తేల్చాలి. మెటోప్రొలాల్ తిరిగి మొదలుపెట్టాలా అన్నది నాడి, బీపీ చూసి కార్డియాలజిస్ట్ చెప్పాలి. క్లొపిడోగ్రెల్ పక్కన 'ఎప్పటి వరకు' అని కూడా రాయాలి. స్టెంట్ వేశాక సాధారణంగా ఏడాది వాడతారు, ఆ తేదీ ఏ చీటీలోనూ లేదు. ఇదంతా చేరిన 24 గంటల్లో డాక్టరు ముందుకు వెళ్లాలి.

దీన్ని సాధన చేయడానికి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారు మెడిసిన్ వార్డులో రెండుసార్లకు మించి చేరిన పేషెంటును ఎంచుకుని, ప్రిసెప్టర్ అనుమతితో, పేరు లేకుండా పట్టిక వేయండి. ఎన్ని గడుల్లో 'తేలాలి' అని రాయాల్సి వచ్చిందో, వాటిని దేని ఆధారంగా తేల్చారో పక్కనే రాసుకోండి. ఇంటర్వ్యూలో అనుభవం ఉన్నవారు అడిగేది ఆ ఆధారాల గురించే. పట్టికతోనే పని ముగియదు. ఇంట్లో గోలీలు ఎవరు వేస్తారో వారికి డిశ్చార్జి రోజు తెలుగులో చివరి జాబితా రాసిచ్చి, ఆపిన మందుల పేర్లు కూడా అందులో చేర్చి, కవరులోని ఆ షీట్లను వాళ్ల ఎదుటే వేరు చేయించండి.