ఇరవై నాలుగు మిల్లీమీటర్ల తేడా

బిస్కెట్ ప్యాకింగ్ మెషీన్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్తగా చేరిన పిల్లలకు మూడు సంగతులు చెప్పాలి.

1. హోమింగ్ అయిందని స్క్రీన్ చెప్పినంత మాత్రాన నమ్మకండి. మా మెషీన్లో కత్తి షాఫ్టు ఒక చుట్టు తిరిగితే 120 మి.మీ. ప్యాకెట్ ఒకటి. మోటారుకూ షాఫ్టుకూ మధ్య 5:1 గేర్‌బాక్స్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా హోమింగ్ చేయాలి: షాఫ్టు మెల్లగా తిరిగి ప్రాక్సిమిటీ సెన్సర్‌ను చూస్తుంది, ఆ తర్వాత ఎన్‌కోడర్ నుంచి వచ్చే మొదటి జెడ్ పల్స్ దగ్గర సున్నా పెట్టుకుంటుంది. కొన్ని రోజులు అంతా బాగుండేది. కొన్ని రోజులు కత్తి బిస్కెట్ మీదే పడేది. కొలిస్తే తేడా ప్రతిసారీ 24 మి.మీ. అంటే షాఫ్టు మీద 72 డిగ్రీలు, మోటారుకు సరిగ్గా ఒక చుట్టు. లెక్క అంత కచ్చితంగా కుదిరితే బోల్టు వదులు కాదు, ప్రోగ్రామ్ తప్పూ కాదు. సెన్సర్ వెలిగే చోటు జెడ్ పల్స్‌కు మరీ దగ్గరగా ఉంది. వెంట్రుకవాసి ముందు వెలిగితే ఈ పల్స్, ఆలస్యమైతే తర్వాతి పల్స్. సెన్సర్ వెలిగాక పల్స్ రావడానికి మోటారు అర చుట్టు తిరిగేలా బ్రాకెట్ జరిపాను. మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

2. జాగ్‌లో సరిపోయిన కోత వేగంలో జరిగితే ఫాలోయింగ్ ఎర్రర్ చూడండి. ఫీడ్‌ఫార్వర్డ్ లేనప్పుడు, ఒకే వేగంతో నడుస్తున్న అక్షం ఆజ్ఞ కంటే వెనకబడే దూరం వేగాన్ని పొజిషన్ గెయిన్‌తో భాగిస్తే వస్తుంది. నిమిషానికి 100 ప్యాకెట్లంటే ఫిల్మ్ వేగం సెకనుకు 200 మి.మీ.; గెయిన్ 50 అయితే 4 మి.మీ. వెనక. కత్తి కూడా అంతే వెనకబడితే నష్టం లేదు, ఇద్దరూ కలిసే ఆలస్యమవుతారు. మోత వస్తోందని ఎవరో కత్తి గెయిన్ మాత్రం 25 చేశారు. కత్తి 8 మి.మీ. లెక్కన వెనకబడింది, కోత 4 మి.మీ. తప్పింది. మోతకు అసలు కారణం అరిగిన కప్లింగ్. దాన్ని మార్చి గెయిన్ మళ్లీ 50 చేశాం.

3. ఎలక్ట్రానిక్ గేర్ నిష్పత్తిని దశాంశాల్లో కొట్టకండి. ఫిల్మ్ లాగే రోలర్ చుట్టుకొలత 252 మి.మీ. కత్తి ఒక చుట్టుకు రోలర్ 120/252, అంటే 10/21 తిరగాలి. ఒకాయన 0.476 అని కొట్టారు. ప్యాకెట్‌కు 0.048 మి.మీ. తక్కువ, కంటికి కనబడదు. కానీ నిమిషానికి 4.8 మి.మీ. పోగవుతుంది. అచ్చు గుర్తు చూసే ఐ-మార్క్ సెన్సర్ దాన్ని సర్దుతూ పోతుంది కనుక ఎవరికీ తెలియలేదు. ఆ సర్దుబాటు అంకె ఎప్పుడూ ఒకే వైపుకు ఉంటే ముందు నిష్పత్తి చూడండి, తర్వాత రోలర్ అరుగుదల, ఆపైన ఫిల్మ్ జారుడు. ఇప్పుడు మా స్క్రీన్ మీద పై గడిలో 10, కింది గడిలో 21 ఉన్నాయి.