పర్యావరణ నీతి: మనిషి కేంద్రమా, ప్రకృతి కేంద్రమా?

పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాట్రగడ దగ్గర 2023 మేలో కరెంటు షాక్ తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. ఏనుగుల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం ఎంత, మనుషుల ప్రాణాలకు రక్షణ ఎలా అని మాత్రమే ఆలోచిస్తే అది మానవకేంద్రక వాదం. అది రైతు పట్ల న్యాయమే, కానీ అందులో ఏనుగుకు సొంత విలువ లేదు. మనిషికి ఉపయోగం ఉన్నా లేకపోయినా ఏనుగుల మందకూ, అది తిరిగే అడవికీ, దారికీ విలువ ఉందనేది పర్యావరణకేంద్రక వాదం. ఆల్డో లియోపోల్డ్ 1949లో వెలువడిన ‘భూనీతి’ వ్యాసంలో చెప్పింది ఇదే.

పరీక్షల్లో అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఒకచోట. ‘భావితరాల కోసం అడవిని కాపాడాలి’ అనే వాక్యం ప్రకృతి పక్షాన ఉన్నట్టే వినిపిస్తుంది. కానీ ఆ తరాలూ మనుషులే కదా! అడవి గేదెల రక్షణపై 2012లో ఇచ్చిన గోదావర్మన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు సుస్థిరాభివృద్ధి, తరాల మధ్య సమన్యాయం వంటి సూత్రాల మూలాలు మానవకేంద్రక వాదంలోనే ఉన్నాయని స్పష్టం చేసి, పర్యావరణకేంద్రక దృష్టి వైపు మొగ్గింది. కాబట్టి ప్రశ్నలో సుస్థిరాభివృద్ధి కనిపించగానే పర్యావరణకేంద్రకం అని గుర్తు పెట్టకండి.