చెవికి చెప్పిన మాట, కంటికి వ్రాసే మాట

“మాట్లాడినట్టే వ్రాయాలి” అన్న సలహా మనమందరం విన్నదే. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాడుకభాష కోసం పోరాడిన తరువాత ఆ సలహాకు తెలుగులో ఎదురులేకుండా పోయింది. కాని పంతులుగారు కోరింది శిష్టవ్యావహారికం. నోటినుంచి రాలిన ప్రతి ముక్కనూ రాలినట్టే కాగితం మీద పెట్టమని ఆయన అనలేదు. ఈ రెంటికీ ఉన్న తేడా ఎంతటిదో, పాడ్‌కాస్టులో రికార్డయిన సంభాషణను వ్యాసంగా మార్చడానికి కూర్చున్నవాడికి మొదటి పేజీలోనే తెలిసివస్తుంది.

మా తరగతి మిత్రులం కొందరం రైతులతో మాట్లాడి పాడ్‌కాస్టు చేస్తున్నాం. వినేందుకు తీరికలేనివాళ్ళ కోసం ఒక్కొక్క సంభాషణను వ్యాసంగా వ్రాసే పని నా వంతుకు వచ్చింది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ మాటలు నాకు అర్థమవుతాయని కాబోలు! ముందు రికార్డు విని, అన్న మాట అన్నట్టే కాగితం మీద దించుకుంటాం. దానిని నేను ‘మాటల నకలు’ అంటాను. ముప్పై నిమిషాల సంభాషణకు సుమారు మూడువేల మాటల నకలు తయారవుతుంది. అందులోంచి వ్యాసం ఎలా వస్తుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

2025లో రికార్డు చేసిన సంభాషణ ఇది. అనంతపురం జిల్లా వేరుశనగ రైతు ఒకాయన జిప్సం గురించి చెప్పిన మాటల నకలు ఇలా ఉంది:

“అదేందంటే… జిప్సం వేస్తాం కదా… వేస్తిమి మేము, పోయిన ఖరీఫ్‌లో. అంటే రెండెకరాల్లో ఒగ ఎకరాకే వేస్తిమి లే. ఇంగో ఎకరా వదిలేస్తిమి. నాలుగు మూటలు… అట్ల. ఊడలు దిగేటప్పుడు వేయాలంట, ఆఫీసరు చెప్పె. కాయ ఊరినాక వేస్తే లాభం లేదంట. మాకైతే గింజ బాగ నిండె. ఇదో, ఇంత లావు. వదిలేసిన దాంట్లో లొట్టలు ఎక్కువుండె. అంటే మరి… ఆ ఎకరా కొంచెం మిట్ట, నీళ్ళు నిలవవు, అది గూడ ఉండొచ్చు లే.”

వింటున్నప్పుడు ఇందులో ఒక్క మాట కూడా అడ్డురాదు. ఆయన గొంతు ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఊనిందో చెవికి తెలుస్తుంది. కాగితం మీద ఆ గొంతు లేదు. అందువల్ల అదే మాట చిక్కుపడిన దారంలా కనిపిస్తుంది. సరే, శుభ్రం చేద్దామని తొందరపడేవాడు ఏం చేస్తాడు? ‘అంటే’, ‘అట్ల’, ‘లే’, ‘అంట’ అన్నవన్నీ ఊతపదాలని కొట్టేస్తాడు. చివరి వాక్యం నసుగుడులా ఉందని దాన్నీ తీసేస్తాడు. అప్పుడు మిగిలేది ఇది: “వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఎకరానికి నాలుగు మూటల జిప్సం వెయ్యాలి. గింజ లావుగా నిండుతుంది. వెయ్యకపోతే లొట్టలు ఎక్కువవుతాయి.”

చదవడానికి హాయిగానే ఉంది. కాని ఇది ఆ రైతు చెప్పిన మాట కాదు. ఆయన తన చేలో ఒక ఏడు చూసింది చెప్పాడు, ఆఫీసరు దగ్గర విన్నది చెప్పాడు, తనకున్న అనుమానం చెప్పాడు. ఈ మూడూ కలిసి ఒకే శాసనంగా మారిపోయాయి. ఇది చదివి ఇంకొక రైతు డబ్బు పెట్టి మూటలు కొంటే, ఆ పూచీ రైతుది కాదు, వ్రాసినవాడిది.

కాబట్టి నేను నకలును మొదట దిద్దను. రికార్డు మళ్ళీ వింటూ, పెన్సిలుతో మూడు రకాల గుర్తులు మాత్రం పెట్టుకుంటాను.

మొదటి గుర్తు ఊపిరి తిప్పుకోవడానికి వాడిన మాటలకు. ఇక్కడొక చిక్కుంది. ఒకే మాట ఒకచోట ఊతపదం, ఇంకొకచోట అసలు మాట. పై నకలులో ‘అంటే’ చూడండి. “అంటే రెండెకరాల్లో ఒగ ఎకరాకే” అన్నచోట అది ముందు మాటను సవరిస్తోంది. మొత్తం చేనికి వేశారని మనం అనుకోకుండా ఆపుతోంది. మొదట్లో వచ్చిన ‘అదేందంటే’ మాత్రం కేవలం మాట వెతుక్కోవడం. వీటిని విడదీయడానికి తేలికైన పరీక్ష ఉంది. ఆ మాట తీసేసి వాక్యం చదవాలి. అర్థం మారకపోతే అది పోవచ్చు. మారితే దాని పనిని ఇంకొక మాటకు అప్పగించాలి. నా వ్యాసంలో ఆ ‘అంటే’ పోయింది గాని, ‘ఒక ఎకరానికే’ అన్న ఏకారం ఉండిపోయింది.

రెండో గుర్తు ‘ఆయనకు ఎలా తెలుసు’ అన్నది చెప్పే మాటలకు. ఇది తెలుగులో మరీ జాగ్రత్తగా చూడవలసిన సంగతి. ‘వేస్తిమి’ అంటే తాను చేసింది. ‘వేయాలంట’ అంటే ఒకరు చెప్పగా విన్నది. ‘ఉండొచ్చు’ అంటే తన ఊహ. ఒక్క ‘అంట’తో బాధ్యత ఆఫీసరుకు బదిలీ అవుతుంది. వ్రాతలో ‘అంట’ పదేపదే వస్తే పుకారులా వినిపిస్తుంది గనుక దాన్ని ఉంచలేం. అలాగని ఊరకే తీసెయ్యనూలేం. “అని వ్యవసాయాధికారి చెప్పారు” అని విప్పి వ్రాయాలి.

మూడో గుర్తు కాగితం మీద కనిపించని వాటికి. ‘ఇదో, ఇంత లావు’ అన్నప్పుడు ఆయన వేళ్ళతో చూపించాడు. ఆ కొలత మన దగ్గర లేదు కనుక మిల్లీమీటర్లు కల్పించకూడదు. ‘గింజ బాగా నిండింది’ అని ఆయనే అన్నాడు, అది చాలు. ‘నాలుగు మూటలు’ అన్నది వేరే సంగతి. మూట ఎంత అన్నది ఆయనకు తెలుసు, చదివేవాడికి తెలియకపోవచ్చు. ఫోను చేసి అడిగితే యాభై కిలోల మూట అన్నాడు. అంటే 200 కిలోలు. వేరుశనగకు ఎకరానికి సాధారణంగా సిఫారసు చేసే మోతాదూ అదే, కాబట్టి విన్నది సరిగానే విన్నామని రూఢి అయింది. ‘పోయిన ఖరీఫ్’ కూడా ఇలాంటిదే. వినేవాడికి అది నిరుడు. ఈ సంచిక అయిదేళ్ళ తరువాత తీసి చదివేవాడికి ఏ సంవత్సరమో తెలియదు. కనుక 2024 అని వ్రాయాలి.

గుర్తులు పెట్టడం అయ్యాక వరస మార్చాలి. మాట జ్ఞాపకం వచ్చిన వరసలో వస్తుంది. ఈయన జిప్సం సంగతి ఆరో నిమిషంలో ఎత్తాడు, పద్నాలుగో నిమిషంలో విత్తనం గురించి చెబుతూ మళ్ళీ తాకాడు, చివర్లో ఖర్చు లెక్క చెప్పేటప్పుడు మరోసారి వచ్చాడు. వినేవాడు వెంట నడుస్తాడు గనుక అతనికిది కష్టం కాదు. చదివేవాడు మాత్రం ఒక విషయం ఒకచోటే ఉంటుందని ఆశిస్తాడు. నేను ఒక్కొక్క విషయానికి ఒక కాగితం పెట్టుకుని, మూడుచోట్ల మాటలనూ ఒక కాగితం మీదికి చేరుస్తాను. ప్రతి మాట పక్కనా నిమిషం వేసుకుంటాను. ఆ అంకె చివర్లో పనికివస్తుంది.

తరువాత వాక్యం. మాటల్లో మనం క్రియ ముందు అనేసి, మిగిలింది వెనకనుంచి తగిలిస్తాం: “వేస్తిమి మేము, పోయిన ఖరీఫ్‌లో.” వ్రాతలో తెలుగు వాక్యం క్రియతో ముగిస్తేనే కుదురుగా నిలుస్తుంది. తోకలుగా వచ్చిన వాటిని క్రియకు ముందుకు తెస్తే సగం గజిబిజి పోతుంది. ఇదంతా చేశాక వచ్చిన పేరా ఇది:

“2024 ఖరీఫ్‌లో రెండెకరాల వేరుశనగలో ఒక ఎకరానికే జిప్సం వేశాం, రెండో ఎకరం వదిలేశాం. వేసింది నాలుగు మూటలు, 200 కిలోలు. ఊడలు దిగేటప్పుడే వెయ్యాలని, కాయ ఊరినాక వేస్తే లాభం లేదని వ్యవసాయాధికారి చెప్పారు. వేసిన ఎకరంలో గింజ బాగా నిండింది, వదిలేసిన దాంట్లో లొట్టలు ఎక్కువ. అయితే వదిలేసిన ఎకరం కొంచెం మిట్ట, నీళ్ళు నిలవవు. తేడాకు అది కూడా కారణం కావచ్చు.”

ఆ చివరి రెండు వాక్యాలే మొదట నసుగుడుగా కనిపించినవి. సైన్సు చదివేవాళ్ళకు వాటి విలువ వేరే చెప్పనక్కరలేదు. రెండు మళ్ళను పోల్చేటప్పుడు జిప్సం ఒక్కటే తేడాగా ఉండాలి. ఇక్కడ నేల ఎత్తు కూడా తేడాయే. ఆ మాట గొంతు తగ్గించి అన్నాడు గాని, ప్రయోగశాల రికార్డులో మనం వ్రాయవలసిన జాగ్రత్తనే ఆయన పాటించాడు.

యాస సంగతి కూడా చెప్పాలి. ‘వేస్తిమి’, ‘చెప్పె’ అన్న క్రియలను నేను ‘వేశాం’, ‘చెప్పారు’ అని మార్చాను. అవి తప్పులని కాదు, మా ఇంట్లోనూ అలాగే మాట్లాడుకుంటాం. అయితే ప్రశ్న అడిగిన విద్యార్థి మాటలను పుస్తకభాషలోకి దిద్ది, రైతు మాటలను మాత్రం పలికినట్టే అచ్చువేస్తే, చదివేవాడికి ఆయన తక్కువవాడిగా కనిపిస్తాడు. దిద్దితే ఇద్దరినీ దిద్దాలి, వదిలితే ఇద్దరినీ వదలాలి. కాని ఊడ, లొట్ట, మిట్ట అన్న మాటల మీద చెయ్యి వెయ్యలేదు. అవి ఆయన పనిముట్ల వంటివి. వాటి బదులు పెట్టదగిన మంచి మాట పుస్తకంలోనూ లేదు.

ఊడలు దిగేటప్పుడే ఎందుకు వెయ్యాలన్నది రైతు చెప్పలేదు, చదివేవాడు మాత్రం తప్పక అడుగుతాడు. వేరు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులవైపు పోతుంది. ఆకులనుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది గనుక ప్రవాహం అటే ఎక్కువ. భూమిలో ఉన్న కాయకు ఆ ఆవిరి లేదు, ఆకులకు చేరిన కాల్షియం దాదాపుగా వెనక్కి రాదు. అందుచేత కాయ తన చుట్టూ ఉన్న మట్టినుంచి తన పైపొరద్వారానే కాల్షియం తీసుకోవాలి. జిప్సంలో ఉన్నది అదే. ఈ వివరణ వ్యాసంలో పెట్టాను. కాని రైతు నోట పెట్టలేదు. వేరే పేరాగా, వ్రాసినవాడి మాటగా పెట్టాను.

ఆఖరి పరీక్షకు పక్కన వేసుకున్న నిమిషాల అంకెలు కావాలి. వ్యాసంలో రైతు మాటగా ఉన్న ప్రతి వాక్యానికీ రికార్డులో ఫలానా నిమిషం అని చూపించగలగాలి. చూపించలేని వాక్యం నాది. దాన్ని తీసెయ్యాలి, లేదా నా పేరాలోకి మార్చాలి. ఈ పరీక్ష అయినాక వ్యాసాన్ని రైతుకు ఫోనులో చదివి వినిపిస్తాం. ఈయన అంతా విని ఒకే ఒక మార్పు చెప్పాడు: “వ్యవసాయాధికారి అంటే పెద్దాయన అనుకుంటారేమో, మాకు చెప్పింది రైతుభరోసా కేంద్రంలో ఉండే పిల్లోడు. అట్లే రాయి.”

అలాగే రాశాను.