ఒక్క ± గుర్తు వెనుక ఏముంది? ముడి డేటా కోసం ఒక ఈమెయిల్

సూరత్‌లో మరమగ్గాల షెడ్డులోకి అడుగుపెడితే పక్కవారి మాట వినపడాలంటే అరవాల్సిందే. ఈ మగ్గాలపై పనిచేసేవారిలో తెలుగు నేత కుటుంబాల వారూ ఉన్నారు. మన దేశంలో కర్మాగారాల్లో ఎనిమిది గంటల పనికి శబ్దం 90 డెసిబెల్ దాటకూడదని పరిమితి ఉంది. ఏళ్ల తరబడి ఎక్కువ శబ్దంలో ఉన్నవారికి ముందుగా 4000 హెర్ట్జ్ పరిసరాల్లోని ధ్వనులు సరిగా వినపడవు.

సూరత్‌లోని ఒక పీజీ విద్యార్థిని ఈ అంశంపై మెటా అనాలిసిస్ చేస్తోందని అనుకుందాం. అంటే వేర్వేరు చోట్ల జరిగిన అధ్యయనాల ఫలితాలను గణితపరంగా కలిపి ఒక అంచనాకు రావడం. పన్నెండు వ్యాసాలు సిద్ధమయ్యాయి. అందులో ఒక పాత వ్యాసం దగ్గర ఆమె ఆగిపోయింది. దాని పట్టికలో "38 ± 2 డెసిబెల్ (64)" అని మాత్రమే ఉంది. ఆ 2 ఏమిటో ఎక్కడా రాయలేదు.

తేడా ఎంత?

ఆ 2 ప్రామాణిక విచలనం కావచ్చు. అది మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాను చెబుతుంది. లేదా ప్రామాణిక దోషం కావచ్చు. అది సగటును ఎంత కచ్చితంగా లెక్కించామో చెబుతుంది. ప్రామాణిక దోషాన్ని నమూనా సంఖ్య వర్గమూలంతో గుణిస్తే ప్రామాణిక విచలనం వస్తుంది. 64కు వర్గమూలం 8 కాబట్టి, 2 దోషమైతే విచలనం 16 అవుతుంది.

ఏది నిజమో ఊహించడానికి ఒక ఆధారం ఉంది. ఆడియోమీటర్ పరీక్షలో సాధారణంగా శబ్దాన్ని 5 డెసిబెల్ మెట్లతో మారుస్తారు. విచలనం 2 అంటే 64 మందీ దాదాపు ఒకే మెట్టు దగ్గర ఉన్నట్టు. వేర్వేరు వయసుల కార్మికుల్లో అది జరగదు. 16 నమ్మదగ్గ సంఖ్య. అయినా ఊహ ఊహే.

పొరబడితే నష్టం పెద్దది. మెటా అనాలిసిస్‌లో కచ్చితత్వం ఎక్కువున్న అధ్యయనానికి ఎక్కువ బరువు ఇస్తారు. ఆ బరువు ప్రామాణిక దోషం వర్గానికి విలోమంగా ఉంటుంది. 2ను విచలనంగా తీసుకుంటే దోషం 0.25కు తగ్గి, ఆ వ్యాసం బరువు 64 రెట్లు పెరుగుతుంది. మిగతా పదకొండు వ్యాసాలూ దాని ముందు తేలిపోతాయి. అధ్యయనాల మధ్య సహజమైన తేడాను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిలో ఈ పెరుగుదల తక్కువగా ఉంటుంది కానీ తప్పు మాత్రం పోదు.

ఈమెయిల్ ఎలా ఉండాలి?

వ్యాసంలో సంప్రదించాల్సిన రచయితగా పేర్కొన్నవారిని కరస్పాండింగ్ ఆథర్ అంటారు. వారికి ఇలాంటి ఉత్తరం సాధారణంగా ఇంగ్లీషులో వెళ్తుంది. దాని సారం ఇదీ:

"విషయం: మరమగ్గాల కార్మికుల వినికిడిపై మీ వ్యాసం, పట్టిక 2 గురించి రెండు ప్రశ్నలు

డాక్టర్ గారికి నమస్కారం. నేను సూరత్‌లో పీజీ చదువుతున్నాను. మా గైడ్ పర్యవేక్షణలో ఈ అంశంపై మెటా అనాలిసిస్ చేస్తున్నాను. వారికి కూడా ఈ ఉత్తరం కాపీ పంపుతున్నాను.

మీ పట్టిక 2లో 38 ± 2 (64) అని ఉంది.
1. ఆ 2 ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా?
2. 64 అన్నది మనుషుల సంఖ్యా, చెవుల సంఖ్యా?

వీలైతే ఒక్కొక్క కార్మికుని వయసు, పనిచేసిన ఏళ్లు, రెండు చెవుల రీడింగులు పంపగలరా? వయసు ప్రభావాన్ని వేరు చేయడానికి అవి కావాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, మిల్లుల పేర్లు తీసేసి పంపండి. మీ ఎథిక్స్ కమిటీ అనుమతి అవసరమైతే మా ప్రోటోకాల్ పంపుతాను. ముడి డేటా ఇవ్వడం కుదరకపోతే పై రెండు ప్రశ్నలకు జవాబు చాలు. రెండు వారాల్లో తెలియజేస్తే మేలు."

రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ కీలకం. ఒకే మనిషి రెండు చెవులు చాలావరకు ఒకేలా దెబ్బతింటాయి. 32 మంది చెవులను 64 మందిగా లెక్కిస్తే లేని కచ్చితత్వం వచ్చిపడుతుంది.

ఉత్తరంలోని చివరి మాటలకూ కారణం ఉంది. పాత ఫైలు వెతికి, పేర్లు తీసేసి పంపడం గంటల పని. రెండు ప్రశ్నలకు జవాబు ఒక నిమిషం పని. పెద్ద కోరికతో పాటు చిన్నది కూడా విడిగా అడిగితే కనీసం అదైనా దక్కవచ్చు.

జవాబు రాకపోతే?

రాకపోవడమే ఎక్కువ. "అడిగితే డేటా ఇస్తాం" అని తమ వ్యాసాల్లో రాసుకున్న దాదాపు 1,800 మంది రచయితలను పరిశోధకులు అడిగి చూశారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం డేటా ఇచ్చినవారు సుమారు 7 శాతమే. అందరిదీ దాపరికం కాదు. ఉద్యోగం మారితే ఈమెయిల్ చిరునామా పోతుంది, కంప్యూటర్ పాడైతే ఫైలు పోతుంది.

అందుకే మన విద్యార్థిని రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేస్తుంది. సహరచయితకూ రాస్తుంది. అప్పటికీ జవాబు లేకపోతే విచలనాన్ని 16గా తీసుకుని ఒకసారి, ఆ వ్యాసాన్ని పూర్తిగా పక్కనపెట్టి మరోసారి లెక్కిస్తుంది. రెండు ఫలితాలూ ఒకేలా ఉంటే నిర్ధారణ ఆ ఒక్క ఊహపై ఆధారపడలేదని తెలుస్తుంది. వేరుగా ఉంటే ఆ సంగతి కూడా వ్యాసంలో రాయాలి. ఎవరిని ఏ తేదీన అడిగారో, జవాబు వచ్చిందో లేదో కూడా నమోదు చేయాలి. అప్పుడే ఆ 16 ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవారికి తెలుస్తుంది.