‘పర్లేదు’ అన్న మాట గుచ్చుకున్నప్పుడు

సమ్మా వాచా అంటే అబద్ధం ఆడకపోవడం, తిట్టకపోవడం అని మనకు తెలుసు. కానీ అబద్ధం లేకుండా, తిట్టు లేకుండా కూడా మాట గుచ్చుకుంటుంది. నాకు జరిగిందే చెప్తాను.

ఏప్రిల్ 14 జయంతి పనులు పంచుకుంటున్నాం. మిత్రుడు మెసేజ్ పెట్టాడు: “అమ్మకి ఒంట్లో బాలేదు, రేపు మీటింగుకి రాలేనేమో.” నేను బండి తీస్తూ, “నువ్వు రాకపోయినా పర్లేదు, మేం చూసుకుంటాం” అని కొట్టి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. రాత్రి జవాబొచ్చింది: “సరే, నా అవసరం లేదని అర్థమైంది.”

నోటితో అంటే గొంతే అర్థం చెప్పేది. రాతలో గొంతు ఉండదు. పైగా మనం పనికి పిలిచి పంక్తికి పిలవని ఊళ్లలో పెరిగినవాళ్లం. ‘నువ్వు లేకపోయినా’ అన్న మాట మనకు మామూలుగా వినపడదు.

వెంటనే “నేనలా అనలేదు, నువ్వే తప్పుగా తీసుకున్నావు” అని రాసి తుడిచేశాను. అది తప్పును అతని మీదికి నెడుతుంది. “బాధ కలిగి ఉంటే సారీ” అని రాసి అదీ తుడిచాను. బాధ కలిగిందని అతను చెప్పాక ఇంకా ‘ఉంటే’ ఏమిటి?

అంగుత్తర నికాయంలో మంచి మాటకు ఐదు లక్షణాలు చెప్పారు: సమయానికి, నిజంగా, మృదువుగా, మేలు చేసేలా, మైత్రితో పలకడం. నా మెసేజ్‌ని అతని కళ్లతో మళ్లీ చదివాను. మైత్రి నా మనసులో ఉందేగానీ మాటలో లేదు. అప్పుడిలా రాశాను:

“నా మెసేజ్ మళ్లీ చదివాను. నువ్వు అక్కర్లేదన్నట్టే ఉంది. అమ్మ సంగతి ఒక్క ముక్క అడగలేదు, అది నా పొరపాటు. పని గురించి బెంగపడకు, అమ్మ దగ్గరుండు అని చెప్పబోయాను. అమ్మకి ఇప్పుడెలా ఉంది?”

వరస గమనించండి. ముందు అతను చదివిన అర్థాన్ని ఒప్పుకోవాలి. తర్వాత మన లోపం, ఆ తర్వాత ఒక్క వాక్యంలో మన ఉద్దేశం. ఉద్దేశం ముందొస్తే అది వాదన అవుతుంది. ‘బండి మీదున్నాను, తొందరలో ఉన్నాను’ అన్న సాకులు వద్దు. గ్రూపులో వద్దు, అతనికి ఒక్కడికే రాయాలి.

ఒక హద్దుంది. ఆ మెసేజ్ పెట్టినప్పుడు నిజంగానే విసుగుంటే, “మంచి ఉద్దేశంతోనే అన్నాను” అనడం ముసావాదం, నాలుగో శీలానికి భంగం. అప్పుడు “విసుగులో రాశాను, తప్పే” అనాలి.

మర్నాటి దాకా జవాబు లేదు. నేను మళ్లీ కదిలించలేదు. “పర్లేదులే” అని ఒక్క ముక్క వచ్చుంటే ముల్లు ఇంకా ఉందనుకుని ఇంటికి వెళ్లేవాణ్ణి. కానీ అతను అమ్మ జ్వరం గురించి నాలుగు లైన్లు రాశాడు. చివర, “బ్యానర్ రాయించారా?” అని అడిగాడు.

ఈ వారం అభ్యాసం: మీరు ఈమధ్య పెట్టిన ఒక పొట్టి మెసేజ్‌ని అవతలివారి కళ్లతో చదవండి.